నిమిషానికి 17 మాటలు: క్లాస్ టీచర్‌కు రాసే ఉత్తరం

2022లో అసర్ సర్వే బృందాలు తెలంగాణ గ్రామాల్లో మూడో తరగతి పిల్లల చేత రెండో తరగతి స్థాయి పాఠం చదివించాయి. తడుముకోకుండా చదివినవాళ్లు 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతం. నాలుగేళ్ల ముందు, అంటే 2018లో, ఇవే అంకెలు 18.1, 22.6. మధ్యలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి.

అందుకే ‘మా బాబుకి చదవడం రావట్లేదు, కొంచెం చూడండి’ అని ఉత్తరం రాస్తే క్లాస్ టీచర్‌కు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆమె ముందు కూర్చున్నవాళ్లలో చాలామందిది అదే పరిస్థితి. వెనకబడినంత మాత్రాన డిస్లెక్సియా అనుకోలేం. సరిగా నేర్పకపోయినా, బడికి ఎక్కువగా రాకపోయినా, ఇంట్లో లంబాడీయో ఉర్దూనో మాట్లాడి బడిలో తెలుగు చదవాల్సి వచ్చినా పిల్లలు వెనకబడతారు. ఈ పిల్లవాడి ఇబ్బంది మిగతావాళ్ల ఇబ్బందిలాంటిది కాకపోవచ్చని టీచర్‌కు అనిపించాలంటే ఉత్తరంలో రెండు మూడు అంకెలుండాలి. అవి ఇంట్లోనే, పది నిమిషాల పనితో దొరుకుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిదేళ్ల పిల్లవాడు, మూడో తరగతి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కథ చెబితే చివరిదాకా వింటాడు, నోటి లెక్కలు చకచకా చేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం కడుపునొప్పి మొదలవుతుంది. స్కూల్ డైరీలో ‘శ్రద్ధ లేదు’ అన్న మాట వారం వారం కనిపిస్తుంది.

తల్లి రెండో తరగతి తెలుగు వాచకంలో అతను ఇంతకుముందు చదవని పేరా ఒకటి తీసుకుంటుంది. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి చదవమంటుంది. తప్పు చదివితే సరిదిద్దదు, ఎక్కడైనా ఆగిపోతే మూడు సెకన్లు చూసి తర్వాతి మాటకు వెళ్లమంటుంది. మొత్తం ఎన్ని మాటలు చదివాడు, అందులో ఎన్ని తప్పాయి అన్నది పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటుంది. ఒకరోజు పిల్లవాడు నిద్రమత్తులో ఉండొచ్చు కాబట్టి మూడు వేర్వేరు రోజులు, మూడు వేర్వేరు పేరాలతో ఇదే చేస్తుంది. మొదటి రోజు 24 మాటలు చదివితే 7 తప్పులు, రెండో రోజు 26కు 7, మూడో రోజు 23కు 7. సరిగా చదివినవి 17, 19, 16. మధ్య అంకె 17 తీసుకుందాం.

2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టింది. అన్ని భాషలకూ అదే అంకె పెట్టడం నాకంత సబబుగా అనిపించదు. తెలుగులో ‘వెళ్లిపోదామనుకున్నాడు’ కూడా లెక్కకు ఒక్క మాటే. కాబట్టి 60కీ 17కీ ఉన్న తేడా మీదే వాదన నిలబెట్టకూడదు. అంతకంటే బలమైన కొలత ఇంకొకటుంది.

అదే స్థాయి కథ ఒకటి తల్లి చదివి వినిపించి ఐదు ప్రశ్నలడిగితే ఐదింటికీ జవాబు చెప్పాడు. ఇంకో కథ తనంతట తాను చదివాక అలాంటివే ఐదు ప్రశ్నలడిగితే ఒక్కదానికే చెప్పగలిగాడు. విన్నప్పుడు ఐదుకు ఐదు, చదివినప్పుడు ఐదుకు ఒకటి. భాష రాకపోతే, తెలివితేటల్లో లోపముంటే, లేదా ధ్యాసే నిలవకపోతే విన్న కథకూ జవాబులు తప్పాలి. ఇక్కడ తప్పలేదు కాబట్టి చిక్కు అక్షరాన్ని శబ్దంగా మార్చుకునే చోటే ఉండొచ్చని అనుమానించడానికి ఆధారం దొరికింది. రెండు చోట్లా ఒక్కో మార్కే వచ్చి ఉంటే ఉత్తరం ఇంకోలా రాయాల్సి వచ్చేది.

ఇక తప్పులు. మూడు రోజుల్లో కలిపి 21. వాటిలో పది ఒత్తుల దగ్గరే: ‘చెట్టు’ని ‘చెటు’ అన్నాడు, ‘అక్క’ని ‘అక’ అన్నాడు. ఆరు గుణింతాల్లో, ‘పాలు’ ‘పలు’ అయింది. నాలుగుసార్లు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించాడు. ఒక మాట వదిలేశాడు. రెండో తరగతిలో ఇలాంటి తప్పులు చూసి కంగారు పడక్కర్లేదు. మన లిపిలో గుణింతాలు, ఒత్తులు కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి, అవి పూర్తిగా పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. కానీ ఈ జాబితా టీచర్‌కు చాలా పనికొస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో అందులోనే ఉంది.

ఉత్తరం ఇలా ఉండొచ్చు:

‘మేడమ్ గారికి నమస్కారం. మా బాబు మీ క్లాసులో మూడో తరగతి చదువుతున్నాడు. చదివేటప్పుడు బాగా ఇబ్బంది పడుతున్నాడు. రెండో తరగతి వాచకంలోని పేరాలు మూడు రోజులు చదివించి చూశాను. నిమిషానికి 17 మాటల దాకా సరిగా చదువుతున్నాడు. నేను చదివి వినిపిస్తే ఐదు ప్రశ్నలకూ జవాబు చెప్పాడు, తనే చదివితే ఒక్కదానికే చెప్పాడు. తప్పుల్లో సగం ఒత్తుల దగ్గర వస్తున్నాయి. ఆ కాగితాలు జతచేశాను. కళ్లు, చెవులు డాక్టరు చూశారు, బాగానే ఉన్నాయన్నారు. ఇది ఫలానా సమస్యేనని నేను అనడం లేదు. క్లాసులో మీకేం కనిపిస్తోందో తెలిస్తే మాకు మేలు. ఎనిమిది వారాల పాటు రోజూ కాసేపు ఒత్తుల మాటలు చదివించగలరా? ఇంట్లో నేనూ అవే చదివిస్తాను. అందాకా అందరి ముందూ గట్టిగా చదవమని అడగకుండా, పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపిస్తే వాడికి తెలిసింది రాయగలడు. ఒకసారి స్క్రీనింగ్ కూడా చేయించమని మనవి. మీకు వీలైన రోజు చెబితే వచ్చి కలుస్తాను.’

ఇందులో ‘డిస్లెక్సియా’ అన్న మాట కావాలనే పెట్టలేదు. అది తేల్చాల్సింది టీచర్ కాదు, తల్లి అంతకన్నా కాదు. కళ్లు, చెవుల పరీక్ష సంగతి ముందే రాయకపోతే జవాబుగా వచ్చే మొదటి ప్రశ్న అదే, దాంతో ఇంకో నెల గడిచిపోతుంది.

స్క్రీనింగ్ అడగడం బడిని బతిమాలుకోవడం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో వచ్చే డిస్లెక్సియా లాంటి ప్రత్యేక ఇబ్బందులూ ఉన్నాయి. వీటిని వీలైనంత తొందరగా గుర్తించి తగిన సాయం చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపున్న ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు టీచర్లు పిల్లల్ని మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందొస్తే అప్పుడు, స్క్రీనింగ్ చేయాలన్నాయి. సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలని, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాలని కూడా అవే చెప్పాయి. అయినా మొదటి ఉత్తరంలో సెక్షన్ నంబర్లు రాయొద్దంటాను. నంబరు చూడగానే టీచర్ ఆ కాగితాన్ని హెడ్‌మాస్టర్ టేబుల్ మీదికి పంపేస్తారు, పిల్లవాడి సంగతి పక్కకు పోతుంది. రెండుసార్లు అడిగినా కదలిక లేకపోతే మూడో ఉత్తరంలో రాయొచ్చు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. సర్టిఫికెట్ వచ్చాకే సాయం మొదలవుతుందని కొన్ని బడులు అనుకుంటాయి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటివాటికి సర్టిఫికెట్ కావాలి. క్లాసులో ఒత్తుల మాటలు చదివించడానికి అక్కర్లేదు.

ఎనిమిది వారాల తర్వాత తల్లి అదే పద్ధతిలో, కొత్త పేరాలతో మళ్లీ కొలుస్తుంది. 17 కాస్తా 35 అయితే లోటు ఎక్కువగా సాధనలోనే ఉందనుకోవచ్చు, అదే దారిలో కొనసాగిస్తే సరిపోతుంది. అదే సాధన చేసిన తోటి పిల్లలు ముందుకు వెళ్తుండగా ఇతను 20 దగ్గరే ఆగిపోతే, విన్న కథకూ చదివిన కథకూ మధ్య తేడా అలాగే ఉంటే, నిపుణుల దగ్గరికి పంపమని అడిగే రెండో ఉత్తరం రాయాలి. రెండుసార్ల కాగితాలూ దానికి జతచేయాలి. మండలంలోని భవిత కేంద్రం, జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ, సికింద్రాబాద్ బోయినపల్లిలోని ఎన్ఐఈపీఐడీ అడగదగ్గ చోట్లు. ఎక్కడికెళ్లినా బడి నుంచి ఏమైనా రాసి తెచ్చారా అని అడుగుతారు. కాబట్టి క్లాస్ టీచర్ తన పరిశీలన నాలుగు వాక్యాల్లో రాసి సంతకం పెట్టిన కాగితం కూడా ఆ కట్టలో ఉండేలా చూసుకోవాలి.