నెలవారీ మెయింటెనెన్స్ ప్లాన్: గంటలకో లెక్క, స్పందనకో లెక్క

యాప్ తయారైపోయాక ఎవరూ ముట్టుకోకపోయినా దానికి పని పడుతూనే ఉంటుంది. గూగుల్ ప్లే స్టోర్ ఏటా నిబంధన మారుస్తుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ, అప్‌డేట్లూ ఆండ్రాయిడ్ 15కు అనుగుణంగా ఉండాలని కోరింది. అలా మార్చని యాప్‌కు చిన్న సవరణ చేసి పంపినా స్టోర్ తీసుకోదు. వెబ్‌సైట్ అయితే భద్రతా సర్టిఫికెట్‌కు గడువు తీరుతుంది, ప్లగిన్లలో లోపాలు బయటపడతాయి, పేమెంట్ గేట్‌వే తన పద్ధతి మారుస్తుంది. ఈ పనులన్నిటికీ ధర కట్టే పద్ధతే మెయింటెనెన్స్ ప్లాన్.

పాత అలవాటు ఏఎంసీ, అంటే వార్షిక ఒప్పందం. యాప్ తయారీకి అయిన ఖర్చులో 15 నుంచి 20 శాతాన్ని ఏడాదికోసారి తీసుకుంటారు. లెక్క తేలికే కానీ, తయారీ ఖర్చుకూ తర్వాత పడే పనికీ సూటి సంబంధం లేదు. తక్కువ ఖర్చుతో హడావిడిగా చేసిన యాప్‌కే తర్వాత ఎక్కువ మరమ్మతులు పడవచ్చు. అందుకే చాలా చిన్న సంస్థలు నెలవారీ ప్లాన్‌కు మళ్లాయి. నెలకు ఇంత రుసుము, అందులో ఇన్ని గంటల పని, ఫిర్యాదు వస్తే ఇంతలోపు స్పందన అని ముందే రాసుకుంటారు. పని గంటలూ, పిలిస్తే పలికే హామీ వేర్వేరు సరుకులు. రెండిటికీ విడివిడిగా ధర కట్టకపోతే ప్లాన్ నిలవదు.

మొదట గంట ధర తేల్చాలి. ఇద్దరు డెవలపర్లున్న ఒక చిన్న సంస్థను ఊహించుకుంటే, ఒక్కొక్కరి జీతం 40,000 చొప్పున 80,000 రూపాయలు. అద్దె, కరెంటు, ఇంటర్నెట్, టెస్టింగ్ ఫోన్లు, అకౌంటెంట్ ఫీజు కలిపి మరో 25,000. నెల ఖర్చు 1,05,000. నెలకు 22 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే ఒక్కొక్కరికి 176 గంటలు వస్తాయి. వాటన్నిటికీ బిల్లు వేయలేరు. సెలవులు, ఖాతాదారులతో మాటలు, కొటేషన్లు, కొత్త విషయాలు నేర్చుకోవడం పోను మిగిలేవి దాదాపు 100 గంటలు. ఇద్దరివీ కలిపి 200. అంటే గంట అసలు ఖర్చు 525 రూపాయలు. లాభానికీ, పని తక్కువున్న నెలలకూ మూడో వంతు కలిపితే 700 అవుతుంది. జీతాన్ని 176తో భాగించి గంటకు 230 చాలనుకునే సంస్థ, నెలంతా పని చేసి కూడా నష్టపోతుంది.

తర్వాత గంటల లెక్క. ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే దుకాణానికి ఒక యాప్, ఒక వెబ్‌సైట్ ఉన్నాయనుకుందాం. అప్‌డేట్లు పెట్టి పరీక్షించడానికి నెలకు 2 గంటలు. బ్యాకప్ తీసి, దాన్ని తిరిగి తెరిచి చూడటానికి ఒక గంట. క్రాష్ రిపోర్టులు, చెల్లింపులు గమనించడానికి ఒక గంట. ధర మార్చండి, బ్యానర్ పెట్టండి వంటి కోరికలకు, గత ఆరు నెలల సగటు చూస్తే, 4 గంటలు. ఇవి 8. స్టోర్ నిబంధనల కోసం ఏటా చేసే పెద్ద మార్పులకు 24 గంటలు పడతాయనుకుంటే నెలకు 2 చొప్పున పంచాలి. ఈ భాగాన్ని మరిచిపోయిన ప్లాన్ పదకొండు నెలలు సాఫీగా నడిచి, పన్నెండో నెలలో తగాదా తెస్తుంది. మొత్తం 10 గంటలు, 7,000 రూపాయలు.

ఇక స్పందన. ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకే స్పందిస్తే అదనపు ఖర్చు దాదాపు లేదు, మనుషులు ఎలాగూ ఆఫీసులో ఉంటారు. రాత్రులూ ఆదివారాలూ కావాలంటే ఒకరు ల్యాప్‌టాప్ దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉండాలి. ఫోన్ రాకపోయినా ఆ డ్యూటీకి డబ్బు ఇవ్వాల్సిందే. నెలకు 12,000 భత్యం ఇస్తే, నలుగురు ఖాతాదారులు పంచుకున్నప్పుడు ఒక్కొక్కరికి 3,000 పడుతుంది. పచ్చళ్ల దుకాణం రుసుము అలా 10,000 అవుతుంది. నలుగురి బదులు ఇరవై మందికి పంచితే ధర బాగా తగ్గేట్టు కనిపిస్తుంది. కానీ వాళ్లందరూ ఒకే సర్వర్ కంపెనీనో, ఒకే పేమెంట్ గేట్‌వేనో వాడుతుంటే అది ఆగిన రాత్రి ఇరవై మందీ ఒకేసారి ఫోన్ చేస్తారు. డ్యూటీలో ఉన్న ఒక్కరు ఎంతమందికి జవాబివ్వగలరో అదే ఆ పంపకానికి హద్దు.

ఒప్పందంలో రాయాల్సింది స్పందన గడువు, పరిష్కార గడువు కాదు. స్పందన అంటే అర్హత ఉన్న మనిషి సమస్య చూసి, పని మొదలుపెట్టానని చెప్పడం. అది సంస్థ చేతిలో ఉంది. లోపం గేట్‌వేదైతే బాగుచేయడం సంస్థ చేతిలో లేదు. తీవ్రతను బట్టి గడువు మారాలి: ఆర్డర్లే ఆగిపోతే ఏ వేళైనా ఒక గంట, ఒక భాగం పనిచేయకపోతే 4 పని గంటలు, అక్షరదోషం వంటివైతే 2 పని రోజులు. ‘పని’ అన్న చిన్న మాట చాలా తేడా తెస్తుంది. శనివారం సాయంత్రం 5కు ఫిర్యాదు వస్తే, శనివారం ఒక గంట, సోమవారం మూడు గంటలు లెక్కకొచ్చి గడువు సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు తీరుతుంది. ఆ మాట రాయకపోతే ఖాతాదారు శనివారం రాత్రి 9కే జవాబు ఆశిస్తారు. ఫిర్యాదు ఏ ఈమెయిల్‌కు, లేదా ఏ నంబరుకు వస్తే గడియారం మొదలవుతుందో కూడా రాయాలి.

వాడని గంటల సంగతి మరో చిక్కు. పూర్తిగా రద్దు చేస్తే ఖాతాదారుకు అన్యాయమనిపిస్తుంది. అన్నీ కూడబెట్టనిస్తే, ఏడాది చివర 40 గంటలు ఒకేసారి అడిగినప్పుడు చేయడానికి మనుషులుండరు. ఎందుకంటే ఆ పాత నెలల జీతాలు అప్పుడే చెల్లిపోయాయి. మూడు గంటల వరకు, అదీ మరుసటి నెలకే జమ అనడం మధ్యేమార్గం. మించిన గంటలకు 900 చొప్పున, అదీ ముందుగా అనుమతి తీసుకుని వేయాలి.

పచ్చళ్ల దుకాణం డిసెంబరులో 6 గంటలే వాడుకుంది. మిగిలిన నాలుగులో మూడు జనవరికి చేరాయి. సంక్రాంతి ఆఫర్ల వల్ల జనవరిలో 17 గంటలు పట్టింది. పదీ, మూడూ పోను అదనం 4 గంటలు, 3,600 రూపాయలు. బిల్లు 13,600. సంస్థకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం, అంటే 2,448 కలిసి 16,048 అవుతుంది. సర్వర్ అద్దె, డొమైన్, యాపిల్‌కు ఏటా కట్టే 99 డాలర్లు ఇందులో చేరవు. కొత్త ఫీచర్లూ చేరవు, వాటికి వేరే కొటేషన్.

ధర సరిగ్గా ఉందో లేదో మూడు నెలలకోసారి గంటల పట్టిక చూస్తే తెలుస్తుంది. స్పందన భాగం 3,000 తీసేసి, మిగిలిన 7,000ను నిజంగా పట్టిన గంటలతో భాగించాలి. మొహమాటానికి బిల్లు వేయకుండా నెలకు 14 గంటలు పని చేస్తుంటే గంటకు 500 మాత్రమే గిట్టుతుంది. అది 525 కన్నా తక్కువ కాబట్టి సంస్థ నష్టంలో ఉన్నట్టే, ప్లాన్ పెంచాలి. ఎప్పుడూ 4 గంటలే పడుతుంటే గంట 1,750 పడుతోంది. అప్పుడు ఖాతాదారు అడగకముందే చిన్న ప్లాన్‌కు మార్చాలి.