ఇక్కడ మేజర్.. అక్కడ మైనర్!

ఇంటర్ పూర్తవుతూనే డిగ్రీకి కెనడా వెళ్లాలనుకునేవాళ్లు ఫీజులు, ర్యాంకింగులు, పార్ట్‌టైమ్ జాబులు అన్నీ చూసుకుంటారు. పుట్టినరోజు మాత్రం ఎవరూ లెక్కేయరు. మన దగ్గర 18 ఏళ్లు నిండితే మేజర్. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం దేశమంతా ఇదే రూల్. కెనడాలో అలా కాదు. అక్కడ ఈ వయసును ఒక్కో ప్రావిన్సు విడిగా నిర్ణయిస్తుంది. ఆంటారియో, క్విబెక్, ఆల్బర్టా, మానిటోబా, సస్కాచువాన్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లలో 18. బ్రిటిష్ కొలంబియా (బీసీ), నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్‌తో పాటు ఉత్తరాన ఉన్న మూడు టెరిటరీల్లో 19. అంటే టొరంటోలో కాలేజీకి వెళ్తే మేజర్, వాంకూవర్‌లో అయితే అదే వయసుకు మైనర్.

ఒక లెక్క చూద్దాం

గుంటూరు అమ్మాయి ఒకరు 2008 మార్చి 20న పుట్టిందనుకుందాం. 2026 మార్చి 20న ఇక్కడ మేజర్ అయింది, ఓటుకు అర్హత కూడా వచ్చింది. సెప్టెంబరు 1న వాంకూవర్‌లో దిగింది. అక్కడి చట్టం ప్రకారం తను మేజర్ అయ్యేది 2027 మార్చి 20న. ఈ ఆరున్నర నెలలూ బీసీలో మైనరే. ఓటర్ కార్డు చూపించినా లాభం లేదు. అక్కడి కౌంటర్‌లో వాళ్లు చూసేది పాస్‌పోర్టులో పుట్టిన తేదీ, తమ ప్రావిన్సు రూల్.. ఈ రెండే.

వీసా దశలోనే మొదలు

స్టడీ పర్మిట్‌కు అప్లై చేసేవాళ్లు 17 ఏళ్లలోపు ఉండి, తల్లిదండ్రులు తోడు రాకపోతే, కెనడాలో ఒక కస్టోడియన్‌ను చూపించడం తప్పనిసరి. 17 నిండినా ఆ ప్రావిన్సు మెజారిటీ వయసు రాకపోతే, కస్టోడియన్ కావాలా వద్దా అన్నది వీసా ఆఫీసర్ నిర్ణయం. అంటే 18 ఏళ్ల మన అమ్మాయి ఆంటారియోకు వెళ్తుంటే ఆ ప్రశ్నే రాదు. బీసీకి అయితే రావచ్చు.

కస్టోడియన్ అంటే అక్కడ మీ బాగోగులు చూసే బాధ్యత తీసుకునే పెద్దమనిషి. ఆయన కెనడా పౌరుడో పర్మనెంట్ రెసిడెంటో అయ్యుండాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్న సీనియర్ అన్నయ్య దీనికి పనికిరాడు. ఫారం పేరు IMM 5646. ఇందులో ఒక పేజీ మీద అక్కడి కస్టోడియన్, ఇంకో పేజీ మీద ఇక్కడి అమ్మానాన్న సంతకాలు చేసి, రెండు చోట్లా నోటరీ చేయించాలి. అక్కడ నోటరీ అయిన పేజీ ఇక్కడికి చేరాలి కాబట్టి, ఆఫీసర్ అడిగాక మనిషిని వెతుక్కుంటే టైమ్ సరిపోదు. బంధువులు ఎవరైనా ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోవడం మేలు.

సంతకానికి విలువెంత?

అసలు తేడా తెలిసేది అక్కడ దిగాక. బీసీలో మైనర్ల కాంట్రాక్టుల గురించి ఇన్ఫంట్స్ యాక్ట్ అనే చట్టం ఉంది. మైనర్ చేసిన కాంట్రాక్టును సాధారణంగా ఆ మైనర్ మీద అమలు చేయడం కుదరదని అది చెప్తుంది. వినడానికి మనకే లాభంలా ఉంది కదా? కానీ అవతలివాళ్ల వైపు నుంచి చూడండి. బాకీ రాబట్టుకోలేని మనిషికి అప్పు ఎవరిస్తారు? అందుకే బ్యాంకులు ప్రావిన్సు మెజారిటీ వయసు దాటనిదే సొంతంగా క్రెడిట్ కార్డు ఇవ్వవు. పోస్ట్‌పెయిడ్ మొబైల్ ప్లాన్‌కు కూడా పెద్దవాళ్ల సంతకం అడుగుతారు. ఆ కొన్ని నెలలూ డెబిట్ కార్డు, ప్రీపెయిడ్ సిమ్‌తో గడపాల్సిందే. క్రెడిట్ హిస్టరీ కూడా అంత ఆలస్యంగా మొదలవుతుంది.

ఇక్కడ మన చట్టానికీ వాళ్ల చట్టానికీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర మైనర్ కాంట్రాక్టు మొదటి నుంచీ చెల్లదు. 1903లో ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన మొహరీ బీబీ కేసు తీర్పు నుంచి ఇదే మాట. మేజర్ అయ్యాక ఒప్పుకున్నా దానికి ప్రాణం రాదు. బీసీలో మాత్రం వస్తుంది. మన అమ్మాయి అక్టోబరులో రెండేళ్ల జిమ్ మెంబర్‌షిప్‌కు సంతకం పెట్టిందనుకోండి. 19 నిండాక ఏడాదిలోపు, అంటే 2028 మార్చి 20 లోపు, వద్దని చెప్పకపోతే ఆ కాంట్రాక్టు తన మీద అమలవుతుంది. అంతకంటే ముందే ఇరుక్కునే దారి కూడా ఉంది. 19 దాటాక కాంట్రాక్టులో కొంత భాగం నెరవేర్చినా అది అమల్లోకి వస్తుంది. ఆటో డెబిట్‌లో నెల నెలా డబ్బులు పోతుంటే కట్టుబడినట్టే అని అవతలివాళ్లు వాదించొచ్చు. వద్దనుకుంటే పుట్టినరోజు దగ్గరపడేలోపే రాతపూర్వకంగా చెప్పి, కాపీ దాచుకోవాలి. వాడుకున్నదంతా ఉచితం అనుకోవద్దు. వస్తువు తిరిగివ్వమనో, పరిహారం కట్టమనో కోర్టు చెప్పొచ్చు.

ఇల్లు మాత్రం మినహాయింపు

అన్నిటికీ ఇదే రూల్ అనుకుంటే పొరపాటు. బీసీ అద్దె చట్టం ప్రకారం 19 నిండనివాళ్లు కూడా సొంతంగా అద్దె ఒప్పందం చేసుకోవచ్చు, అది వాళ్ల మీద పూర్తిగా అమలవుతుంది. ‘నేను మైనర్‌ని కదా’ అని మధ్యలో ఖాళీ చేసి బకాయి ఎగ్గొట్టడం కుదరదు. కాబట్టి లీజు కాగితం చదివే సంతకం పెట్టండి. వైద్యానికీ మినహాయింపు ఉంది. చికిత్స ఏంటో, దాని మంచిచెడ్డలేంటో మీకు అర్థమయ్యాయని, అది మీకు మేలు చేసేదేనని డాక్టర్ నమ్మితే మీ అంగీకారమే చాలు. గుంటూరు నుంచి నాన్నగారు సంతకం పంపాల్సిన పనిలేదు.

జాబ్‌కు వేరే లెక్క

చదువుతూ పనిచేయడానికి 18 ఏళ్లు అడ్డుకావు. కానీ లైసెన్స్ అవసరమయ్యే పనులు వేరు. మన పిల్లలు చాలామంది చూసే సెక్యూరిటీ గార్డ్ జాబ్‌కు లైసెన్స్ రావాలంటే బీసీలో 19, ఆంటారియోలో 18 నిండాలి. మెజారిటీ వయసు, మిగతా వయసు పరిమితులు ఒకటే అనుకోవద్దు. ఆంటారియోలో మేజర్ 18కే, మద్యం కొనాలంటే మాత్రం 19. ఏ పనికి ఏ వయసో దాని సొంత రూల్‌లోనే చూసుకోవాలి.

కెనడా ఒక్కటే కాదు

అమెరికాలోనూ ఇది రాష్ట్రాల చేతిలోనే ఉంది. చాలా రాష్ట్రాల్లో 18 అయినా అలబామా, నెబ్రాస్కాల్లో 19, మిసిసిపీలో 21. న్యూజిలాండ్‌లో 20. సింగపూర్‌లో మెజారిటీ 21 అయినా, 2009 నుంచి 18 నిండినవాళ్లు చాలా రకాల కాంట్రాక్టులు సొంతంగా చేసుకోవచ్చు. జపాన్ 2022 ఏప్రిల్ 1న 20 నుంచి 18కి తగ్గించింది.

కాలేజీ ఖరారు చేసే ముందు ఒక కాగితం మీద మూడు తేదీలు రాసుకోండి. ఇక్కడ 18 నిండే రోజు, అక్కడ దిగే రోజు, అక్కడి చట్టం ప్రకారం మేజర్ అయ్యే రోజు. మూడోది రెండోదానికంటే ముందే వస్తే మీకు ఈ సమస్యే లేదు. తర్వాత వస్తే మధ్యలో ఎన్ని నెలలున్నాయో చూసుకుని కస్టోడియన్, సిమ్, కార్డు, అద్దె.. ఈ నాలుగింటికీ ఏం చేయాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.