బాపు రాసిన ఉత్తరం, అమ్మ చదివే కవిత

వలస వెళ్లినవాడి గొంతుతో ఉత్తరంలా సాగే కవితలు మనకు కొత్త కాదు. 1970ల చివర్లో కేరళలో ఎస్.ఎ. జమీల్ కట్టిన ‘దుబాయ్ కత్తు పాట్టు’ గల్ఫ్‌లో ఉన్న భర్తకు భార్య రాసే ఉత్తరం. అది ఎంత పాకిందంటే, భర్త జవాబు కూడా ఆయనే పాటగా కట్టాల్సి వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, కాళిదాసు మేఘదూతంలోని యక్షుడిదీ కొలువులో వచ్చిన కష్టమే. పనిలో ఏమరుపాటుకు ఏడాది పాటు ఇంటికి దూరమయ్యాడు.

ఇవన్నీ ఆలుమగల మధ్య మాటలు. చదివేది పెద్దవాళ్లు కాబట్టి బాధను బాధగానే చెప్పుకోవచ్చు. అదే ఉత్తరం ఆరేళ్ల కూతురికి రాయాల్సి వస్తే? నా మట్టుకు నాకు వలస కవిత్వంలో ఇంతకన్నా కష్టమైన రూపం లేదు. ఆ పిల్లకు అప్పు అంటే తెలియదు, కఫీల్ అంటే తెలియదు, అకామా అంటే తెలియదు. తండ్రికేమో అవి తప్ప వేరే లోకం లేదు.

ఇది ఎలా కుదురుతుందో చూడటానికి ఒక కవితను ఇక్కడే కూర్చుకుందాం. మనుషులు కల్పితం. తండ్రిది జగిత్యాల వైపు పల్లె, ఖతార్‌లో షట్టరింగ్ కార్పెంటర్. రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లాడు. కూతురు ఊళ్లో సర్కారు బడిలో ఒకటో తరగతి, ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటోంది. నాన్నను ‘బాపు’ అంటుంది.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. వాట్సాప్‌లో రోజూ ముఖాలు చూసుకునే కాలంలో ఇతను కాగితం మీద ఎందుకు రాస్తున్నాడు? దీనికి జవాబు లేకపోతే ఉత్తరం వట్టి అలంకారమైపోతుంది. మన కవితలో జవాబు చెప్పులు. పిల్లకు చెప్పులు కొనాలంటే పాదం కొలత కావాలి. ఫొటోలో పాదం కనిపిస్తుంది గానీ కొలత రాదు. కాగితం మీద కాలు పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, సెలవు ముగించుకుని తిరిగి వెళ్లే ఊరివాడి చేతికి ఇవ్వాలి. అలాగే ఇచ్చారు. మళ్లీ ఎవరో ఇంటికి బయలుదేరినప్పుడు చెప్పుల డబ్బాలో పెట్టి పంపేదే ఈ ఉత్తరం.

బిడ్డా,
నీ కాలు బొమ్మ అందింది.
బొటనవేలు కాడ పెన్సిల్ జారింది,
చక్కిలిగిలి అయ్యిందా?

గీతలో చిన్న వంకర ఉంది. తండ్రి అందులో కూతురి నవ్వు చదువుకున్నాడు. ‘నువ్వు గుర్తొస్తున్నావు’ అనే మాట ఎక్కడా లేదు. ఆ కాగితాన్ని ఎంతసేపు చూసి ఉంటే ఆ వంకర కంటబడుతుందో చదివేవాళ్లకే తెలిసిపోతుంది.

తర్వాత వేళ చూడాలి. ఉత్తరం ఏ గంటలో రాస్తున్నాడన్నది ఈ కవితల్లో చాలామంది వదిలేస్తారు. ‘ఎర్రటి ఎండలో’ అని ఊరుకుంటారు. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఖతార్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ పది అయితే ఇక్కడ పన్నెండున్నర, బళ్లో భోజనాల వేళ.

ఈడ పది గొట్టంగ పని ఆపుతరు.
ఆడ నీకు పన్నెండున్నర.
నువ్వు బడిల పళ్లెం కడుగుతుంటవు,
నేను నీడల కూసుంట.

ఎండ మాట లేదు, ఎండ ఉంది. పది గంటలకే పని ఆపేసే ఎండ ఎలాంటిదో పెద్దవాళ్లు ఊహించుకుంటారు. పిల్లకు మాత్రం బాపు హాయిగా నీడలో కూర్చున్నట్టే వినిపిస్తుంది. ఇలాంటి చోట లెక్క తప్పితే కవిత కూలిపోతుంది. ఇదే కథను 2021కి ముందు నడిపిస్తే విరామం మొదలయ్యేది 11.30కి, మనకు రెండు గంటలు. అప్పటికి పళ్లేలు కడగడం అయిపోయి ఉంటుంది. వేరే దృశ్యం వెతుక్కోవాల్సిందే.

ఇక అసలు కీలకానికి వద్దాం. ఆ పిల్లకు చదవడం రాదు. ఉత్తరం ఆమె పేరున వచ్చినా పైకి చదివి వినిపించేది తల్లి. అంటే ప్రతి మాటా ఇద్దరి చెవుల్లో పడుతుంది, ఇద్దరికీ వేర్వేరు అర్థాలతో. ఇది తెలిసిన కవి దాన్ని వాడుకుంటాడు.

బతుకమ్మకు వస్తనన్న.
రాను.
అమ్మకు చెప్పకు బిడ్డా.

ఈ మూడో పాదాన్ని చదవాల్సింది ఆ అమ్మే. ఫోన్‌లో భార్యకు చెప్పలేకపోయిన మాటను కూతురికి రహస్యంగా చెబుతున్నట్టు నటించి చేరవేశాడు. పిల్లకేమో రహస్యం దొరికిందన్న సంబరం. ‘మరి నువ్వు చదివేశావుగా’ అని తల్లిని ఆటపట్టిస్తుందేమో కూడా. ఎందుకు రావడం లేదో తండ్రి చెప్పడు. జీతం ఆగిందా, సెలవు ఇవ్వలేదా, టికెట్ డబ్బులు లేవా? చెప్పకపోవడమే సరి. ఆరేళ్ల పిల్లకు ఏ తండ్రీ చెప్పడు.

చాలా కవితలు తప్పేది ఇక్కడే. తండ్రి ఉన్నట్టుండి గొంతు పెంచి, ‘నా చెమటతో లేచిన మేడల్లో నాకు చోటు లేదు తల్లీ’ అంటాడు. మాట నిజమే కావచ్చు, కానీ అది సభలో చెప్పే మాట. కనిపెట్టడానికి చిన్న పరీక్ష ఉంది. ‘బిడ్డా’ అన్నచోట ‘మిత్రమా’ అని పెట్టి చదవండి. కవిత చెక్కుచెదరకపోతే అది ఉత్తరం కాదు, ఉపన్యాసం. మన కవితలో ‘మిత్రమా, నీ కాలు బొమ్మ అందింది’ అని చదివితే నవ్వొస్తుంది.

భాష కూడా ఆ ఇంటిదే కావాలి. జగిత్యాల బాపు ‘వచ్చెదను’ అని రాయడు, ‘వస్త’ అంటాడు. అలాగని యాసను తోరణంలా ప్రతి పదానికీ వేలాడదీయడం కూడా నాకు నచ్చదు. మాట్లాడినట్టు ఉంటే చాలు.

ముగింపులో కవి మళ్లీ చెప్పుల దగ్గరికి వస్తాడు.

చెప్పులు కొన్న.
టేపు పెట్టి చూసిన,
నీ బొమ్మ కన్న రెండు సెంటీలు పెద్దయి.
పెద్దగున్నయని ఏడ్వకు.

అతను కార్పెంటర్, కొలత తప్పడు. ఆ వయసులో పాదం ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు సెంటీమీటర్లంటే ఇంచుమించు రెండేళ్లు. ఒప్పందం మళ్లీ రాసుకున్నాడన్నమాట. ఆ సంగతి కవితలో లేదు, చెప్పుల సైజులో ఉంది. కూతురికి వదులు చెప్పులు అందుతాయి, భార్యకు లెక్క అందుతుంది.

పరిమితి ఒకటి ఒప్పుకోవాలి. ఈ రూపంలో పిల్ల ఎప్పుడూ వినేదిగానే ఉండిపోతుంది, ఆమె గొంతు మనకు అందదు. భార్య ఉత్తరానికి జవాబు కట్టిన జమీల్ దారిలో కూతురి జవాబు కూడా ఎవరైనా రాస్తే చదవాలని నాకు ఆశ. తెలంగాణ పల్లెల్లో అలా పెరిగిన ఆడపిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. మీలో ఎవరి దగ్గరైనా బాపు రాసిన కాగితం ఉంటే, జవాబు రాయండి.