మ్యాప్ 11 గంటలంటే మనకు 14

శుక్రవారం ఆఫీసు ముగించుకుని, భోజనం దారిలో చేద్దామనుకుని, రాత్రి 8 గంటలకు హైదరాబాద్ ఎల్బీ నగర్ దాటారనుకుందాం. వెళ్లాల్సింది విశాఖపట్నం. విజయవాడ మీదుగా సుమారు 625 కిలోమీటర్లు. ఫోన్‌లో మ్యాప్ దాదాపు 11 గంటలు చూపిస్తోంది. అంటే శనివారం పొద్దున 7 కల్లా చేరిపోవచ్చు, రోజంతా చేతిలో ఉంటుంది. ఇలా లెక్క వేసుకుని బయల్దేరే కుటుంబాలు ఎన్నో.

మ్యాప్ తప్పు చెప్పలేదు. అది చెప్పేది చక్రాలు తిరిగే సమయం. ట్రాఫిక్ వల్ల అయ్యే ఆలస్యాన్ని అది కలుపుతుంది గానీ కారులో ఉన్నవాళ్ల ఆకలినీ, బాత్రూం అవసరాలనూ, స్టీరింగ్ పట్టుకున్న మనిషి నిద్రనూ లెక్కలోకి తీసుకోదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి.

ముందు ఆగే సమయం సంగతి. ‘టీ తాగి పది నిమిషాల్లో బయల్దేరదాం’ అంటాం. సూర్యాపేట దగ్గర హైవే హోటల్‌లో అదే పది నిమిషాలు ఎలా సాగుతాయో చూడండి. సర్వీస్ రోడ్డులోకి దిగి పార్కింగ్ వెతుక్కోవడానికి కొంత. బాత్రూం దగ్గర ముందే ఇద్దరు ముగ్గురు ఉంటారు. టోకెన్ తీసుకుని టీ తెచ్చుకునేసరికి ఒకరు నీళ్ల సీసాలకని పక్క షాపుకు వెళ్తారు. అందరూ ఎక్కాక పిల్లాడు మళ్లీ బాత్రూం అంటాడు. కారు తిరిగి హైవే ఎక్కి వేగం అందుకునేటప్పటికి ఇరవై నిమిషాలు దాటిపోతాయి. అందుకే టీకి 20 నుంచి 25 నిమిషాలు, టిఫిన్‌కు 40, భోజనానికి గంట అని రాసుకుంటేనే లెక్క నిలుస్తుంది.

ఈ సమయాన్ని వేగంతో రాబట్టుకోవచ్చని చాలామంది నమ్మకం. ఖాళీగా ఉన్న 100 కిలోమీటర్ల రోడ్డు మీద 80లో వెళ్తే గంటా పావు పడుతుంది, 100లో వెళ్తే గంట. అంత దూరం ఎక్కడా బ్రేక్ తొక్కకుండా వెళ్లినా మిగిలేది పావుగంటే. టోల్‌గేట్లు, లారీలు, ఊళ్ల దగ్గర జంక్షన్లు ఉన్న దారిలో అదీ మిగలదు.

టీ, టిఫిన్, భోజనం కూడికలు. ఎక్కడ ఆగినా అంతే సమయం పడుతుంది. అలసట అలా కాదు. అది గడియారాన్ని బట్టి పెరుగుతుంది. పైగా దాని లెక్క బండి స్టార్ట్ చేసినప్పుడు కాదు, డ్రైవర్ నిద్ర లేచినప్పుడే మొదలవుతుంది.

శుక్రవారం రాత్రి ప్రయాణాన్ని ఈ కోణంలో చూద్దాం. డ్రైవ్ చేసే ఆయన ఆ రోజు ఉదయం 6 గంటలకు లేచారు. దారిలో భోజనానికి ముప్పావుగంట ఆగితే, రాత్రి 11కు కారు ఇంకా సూర్యాపేట దరిదాపుల్లోనే ఉంటుంది. అప్పటికే ఆయన లేచి 17 గంటలు. ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ 1997లో ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగాన్ని వెల్లడించారు. 17 గంటలు మేల్కొని ఉన్నవారి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని అందులో తేలింది. మన దేశంలో డ్రైవర్లకు చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. చుక్క ముట్టని మనిషి కూడా సూర్యాపేట దగ్గరే ఆ స్థితికి వచ్చేస్తాడన్నమాట. ఇంకా 490 కిలోమీటర్లు మిగిలే ఉన్నాయి.

తెల్లవారుజామున 4 గంటలకు కారు రాజమండ్రికి దగ్గరవుతుంది. మేల్కొని 22 గంటలు. రాత్రి 2 నుంచి 6 దాకా శరీరం నిద్ర కోసం బలంగా లాగే వేళ కూడా అదే. ఆ సమయంలో వచ్చే కునుకు రెండు మూడు సెకన్లదే కావచ్చు, వచ్చినట్టు డ్రైవర్‌కు తెలియకపోవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకంటే 66 మీటర్లు ఎవరూ నడపని బండి. ఇక్కడ అరగంట టీ బ్రేక్ కలిపితే సరిపోదు, కలపాల్సింది ఐదారు గంటల నిద్ర. అది కలిపితే పొద్దున 7కు చేరతామన్న మాట ఎటూ నిలవదు.

అదే ప్రయాణాన్ని శనివారం తెల్లవారుజామున మొదలుపెడదాం. డ్రైవర్ ముందురోజు త్వరగా పడుకుని, కంటినిండా నిద్రపోయి 4.30కు లేచారు. 5కు బయల్దేరితే 7.15కు సూర్యాపేట. టిఫిన్ చేసి 7.55కు కదిలితే 10.15కు విజయవాడ పొలిమేర. అక్కడ టీ, పెట్రోలు కలిపి 20 నిమిషాలు. 12.35కు తాడేపల్లిగూడెం, అక్కడ గంట భోజనం. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మత్తు కమ్ముకొచ్చే రెండో వేళ కాబట్టి, తినగానే బండి తీయకుండా అరగంట విశ్రాంతి. 2.05కు బయల్దేరితే 4.20కు అన్నవరం. 25 నిమిషాలు ఆగి, సాయంత్రపు సిటీ ట్రాఫిక్‌తో సహా రాత్రి 7కు విశాఖ. చక్రాలు తిరిగింది 11 గంటల 5 నిమిషాలు, ఆగింది 2 గంటల 55 నిమిషాలు. మొత్తం సరిగ్గా 14 గంటలు. మధ్యలో గంటా రెండు గంటలు ఆలస్యమైనా, డ్రైవర్ మేల్కొని 17 గంటలు కాకముందే ఇల్లు చేరతారు.

మధ్యాహ్నం అరగంటలో చేయాల్సింది ముందు కాఫీ తాగి, వెంటనే సీటు వెనక్కి వాల్చి 15, 20 నిమిషాలు కళ్లు మూసుకోవడం. కాఫీ ప్రభావం చూపడానికి అరగంట దాకా పడుతుంది, ఈలోగా కునుకు పూర్తవుతుంది. అంతకన్నా ఎక్కువసేపు పడుకుంటే గాఢనిద్రలోకి జారి, లేచాక కాసేపు మగతగా ఉంటుంది. అద్దాలు దించడం, పాటలు పెంచడం నిద్రను ఆపే మందులు కావు. గడిచిన రెండు మూడు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తులేకపోయినా, తిరగాల్సిన మలుపు దాటేసినా, చక్రాలు లైను మీదికి పోయి ఉలిక్కిపడినా ఆ కునుకును వాయిదా వేయకూడదు. అయితే ఆగేది రోడ్డు పక్కన కాదు, పెట్రోలు బంకులోనో హోటల్ ఆవరణలోనో.

ఇంత పొందికగా వేసుకున్నా ఈ 14 గంటల ప్రణాళిక ఒక్క డ్రైవర్‌కు చివరి అంచే. బస్సులు, లారీలు నడపడమే వృత్తిగా ఉన్నవారికి 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటల పని, ఏకధాటిగా 5 గంటలకు మించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి అని నిర్ణయించింది. ఏడాదికి రెండుసార్లు హైవే ఎక్కే మనం 11 గంటలు నడపాలనుకుంటున్నాం. పై ప్రణాళికలో 8 గంటల డ్రైవింగ్ పూర్తయ్యేది రాజమండ్రి దాటాక. కాబట్టి కారులో రెండో డ్రైవర్ ఉంటే తాడేపల్లిగూడెంలో స్టీరింగ్ మార్చుకోవచ్చు. లేకపోతే రాజమండ్రిలో రాత్రి బస చేసి, ఆదివారం మధ్యాహ్నానికి వస్తామని విశాఖలో ఎదురుచూసేవాళ్లకు ముందే చెప్పేయడం మంచిది. వారాంతం రెండు రోజులే ఉండి, కారులో ఒక్కరే నడిపేవారుంటే ఆ ప్రయాణం రైల్లో చేయాల్సినదని ఈ లెక్కే చెబుతుంది.