రెయిన్ జాకెట్‌ను తిరగేసి చూడండి

రెయిన్ జాకెట్ కొనేటప్పుడు ముందు దాన్ని తిరగేసి కుట్లు చూడండి. గుడ్డ ఎంత మంచిదైనా సూది గుచ్చిన ప్రతిచోటా ఒక రంధ్రం మిగులుతుంది. దాన్ని మూసేది లోపలివైపు వేడితో అతికించిన సన్నని టేపే. కొన్నిటికి హుడ్, భుజాల దగ్గర మాత్రమే టేపు వేస్తారు. ఎదురువానలో బండి నడిపేవారికి అది చాలదు, అన్ని కుట్లకూ ఉండాలి.

ఇక గుడ్డ. చవకరకాల్లో లోపల పాలియురెథేన్ పూత పూస్తారు. కొన్నేళ్లకు అది జిగటపడి పొలుసులుగా రాలిపోవచ్చు. మెంబ్రేన్ అంటే విడిగా తయారుచేసి గుడ్డకు అతికించే పలుచని పొర. 1969లో బాబ్ గోర్ వేడిచేసిన టెఫ్లాన్ కడ్డీని ఒక్క ఉదుటున లాగితే అది తెగకుండా సాగింది. గోర్‌టెక్స్ పుట్టింది అలాగే. ఆ సూక్ష్మరంధ్రాల్లోంచి చెమట ఆవిరి పోతుంది కానీ వాననీరు దూరలేదు.

అయితే బయటి గాలిలో తేమ లోపలికన్నా తక్కువుంటేనే ఆవిరి బయటికి పోతుంది. విశాఖ జూలై ఉక్కపోతలో ఖరీదైన మెంబ్రేన్ పనితనమూ అంతంతమాత్రమే. మన వానలకు చంకల కింద జిప్పులున్న జాకెట్టే మేలని నా అభిప్రాయం.

కొన్నాళ్లకు నీళ్లు బొట్లుగా జారకుండా పైగుడ్డలో ఇంకుతుంటే మెంబ్రేన్ పాడైందనుకోకండి. పైన నీటిని జార్చే పూత అరిగిందంతే. తడిసిన పైగుడ్డ ఆవిరిని అడ్డుకోవడంతో మీ చెమటే లోపల చెమ్మగా తగులుతుంది. శుభ్రంగా ఉతికి, ఆ పూతకు దొరికే స్ప్రే కొడితే సరిపోతుంది.