క్రియాటిన్‌తో కడుపులో గడబిడా?

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లలోనూ క్రియాటిన్ వాడేవారున్నారు. కొందరికి వేసుకున్న గంటా రెండు గంటల్లోనే కడుపు ఉబ్బరం, మెలిపెట్టినట్టు నొప్పి, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. పొడి నకిలీదేమోనని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. చాలాసార్లు అసలు చిక్కు మోతాదుతోనే.

క్రియాటిన్ నీటిలో అంత తేలిగ్గా కరగదు. ఒకేసారి ఎక్కువగా తీసుకుంటే పేగులు గ్రహించుకోగా మిగిలింది అక్కడే ఉండి నీటిని లాక్కుంటుంది. దాంతో విరేచనాలవుతాయి. ఫుట్‌బాల్ ఆటగాళ్లపై చేసిన ఓ అధ్యయనం 2008లో వెలువడింది. అందులో 10 గ్రాములు ఒకేసారి తీసుకున్నవారిలో సుమారు 56 శాతం మందికి విరేచనాలయ్యాయి. అదే 10 గ్రాములను 5 గ్రాముల చొప్పున రెండుసార్లు తీసుకున్నవారిలో ఇది 29 శాతమే. క్రియాటిన్ లేని ఉత్తుత్తి పొడి తీసుకున్నవారిలోనూ 35 శాతం మందికి విరేచనాలు కావటం గమనార్హం. అంటే ప్రతిసారీ తప్పు క్రియాటిన్‌దే కాదన్నమాట.

ఉదాహరణకు ఒక కుర్రాడు ‘లోడింగ్’ పేరుతో రోజుకు 20 గ్రాములు మొదలుపెట్టాడనుకుందాం. పొద్దున్నే పరగడుపున రెండు స్కూపులు అరగ్లాసు చల్లటి నీళ్లలో కలిపి తాగాడు. పైన కాఫీ, జిమ్ అయ్యాక పాలలో వే ప్రొటీన్. మధ్యాహ్నానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇలాంటప్పుడు ముందు క్రియాటిన్ ఆపెయ్యాలి. ఓఆర్ఎస్ తాగుతూ, మజ్జిగన్నం, ఇడ్లీ వంటివి తినాలి. కడుపు పూర్తిగా కుదుటపడ్డాక రోజుకు 3 గ్రాములతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. లోడింగ్ తప్పనిసరేం కాదు. రోజుకు 3 గ్రాముల చొప్పున తీసుకున్నా సుమారు నాలుగు వారాల్లో కండరాల్లో క్రియాటిన్ దాదాపు అంతే స్థాయికి చేరుకుంటుంది.

స్కూపులో ఎన్ని గ్రాములు పడుతుందో డబ్బా మీద చూసుకోవాలి. పొడిని పెద్ద గ్లాసుడు గోరువెచ్చని నీటిలో బాగా కలిపి, టిఫినో భోజనమో చేశాక తాగాలి. అడుగున పొడి మిగిలితే మరికాస్త నీరు పోసి కలుపుకోవాలి. మొదటి వారం కాఫీ, వే ప్రొటీన్‌లను దీనితో కలిపి తీసుకోవద్దు. వారం గడిచాక ఒక్కొక్కటే చేర్చుకుంటే ఏది పడటం లేదో తెలిసిపోతుంది. పాలు పడనివారికి వే ప్రొటీన్‌లోని లాక్టోజ్‌తోనూ ఉబ్బరం రావొచ్చు. కొన్ని చక్కెర లేని పొడుల్లో ఉండే సార్బిటాల్ కూడా విరేచనాలు తెచ్చిపెట్టొచ్చు.

క్రియాటిన్ ఆపినా రెండు రోజుల్లో విరేచనాలు తగ్గకపోయినా, జ్వరం, మలంలో రక్తం, తీవ్రమైన నొప్పి ఉన్నా, మూత్రం బాగా తగ్గినా డాక్టర్‌ను కలవాలి. అది కలుషిత నీరు, ఆహారంతో వచ్చిన ఇన్‌ఫెక్షన్ కావొచ్చు. కిడ్నీ జబ్బులున్నవారు, 18 ఏళ్లలోపు పిల్లలు డాక్టర్‌ను అడగకుండా క్రియాటిన్ వాడొద్దు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు దీన్ని వాడుతున్నట్టు చెప్పటం మరవొద్దు. ఎందుకంటే కిడ్నీలు బాగానే ఉన్నా క్రియాటినిన్ కాస్త ఎక్కువగా కనిపించొచ్చు.