పాలసీలో తప్పు పడిన మోడల్, సంవత్సరం

మా బావమరిది 2024 జూన్‌లో కారుకు కొత్త ఇన్సూరెన్స్ తీసుకున్నాడు. పాలసీ ఫోన్‌కి రాగానే బండి నంబరు చూసి, సరిగ్గానే ఉందని ఊరుకున్నాడు. వారం తర్వాత ఆర్‌సీ పక్కన పెట్టుకుని చదివితే రెండు తేడాలు బయటపడ్డాయి. ఆర్‌సీలో పై వేరియంట్, తయారీ 2021 మార్చి. పాలసీలో కింది వేరియంట్, 2020 మార్చి.

ప్రీమియం తక్కువే కదా, వదిలేద్దామన్నాడు. నేను వద్దన్నాను. కారు దొంగల పాలైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా చేతికొచ్చేది ఐడీవీని బట్టే. కొత్త కారు ధరలోంచి వయసును బట్టి తరుగుదల తీసేస్తే ఐడీవీ వస్తుంది. మూడేళ్లు దాటిన బండికి 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తీయడం వాడుకలో ఉన్న లెక్క. పై వేరియంట్ 8 లక్షలనుకుంటే ఐడీవీ 4,80,000 ఉండాలి. కింది వేరియంట్ 7 లక్షలు, పైగా ఒక ఏడాది ఎక్కువ వయసు వేస్తే 3,50,000కి పడిపోయింది. తేడా 1,30,000. థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం మారదు. అది ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది, రెండు వేరియంట్లకూ ఇంజిన్ ఒకటే.

ఏజెంటుకు ఫోన్‌లో చెబితే రేపు మార్పించేస్తానంటాడు. ఆ మాటకు రుజువుండదు. అందుకే పాలసీ ఇచ్చిన బ్రాంచికి ఇలా రాయించాను:

"మేనేజరు గారికి,
విషయం: పాలసీ నం. ........లో మోడల్, తయారీ సంవత్సరం సవరణ.
అయ్యా, పై పాలసీలో నా కారు వేరియంట్, తయారీ సంవత్సరం (2020) తప్పుగా నమోదయ్యాయి. ఆర్‌సీ ప్రకారం వేరియంట్ ........, తయారీ 2021 మార్చి. ప్రపోజల్ ఫారంలో నేను సరైన వివరాలే ఇచ్చాను. రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజిన్ నంబర్లలో మార్పు లేదు. పాలసీ మొదలైన తేదీ నుంచే వర్తించేలా ఎండార్స్‌మెంట్ ఇచ్చి, ఐడీవీని సరిచేయగలరు. అదనపు ప్రీమియం ఉంటే చెల్లిస్తాను. ఇంతవరకు క్లెయిమ్ ఏదీ లేదు.
జతపరిచినవి: ఆర్‌సీ, పాలసీ, ప్రపోజల్ ఫారం నకళ్లు."

ప్రపోజల్ ఫారం విషయంలో నిజం రాయాలి. తప్పు మనదే అయితే మనదేనని ఒప్పుకోవాలి. కంపెనీ దగ్గర ఆ ఫారం ఉంటుంది. 'మొదలైన తేదీ నుంచే' అన్న మాట వదలకూడదు, లేకపోతే సవరణ తేదీ నుంచే కొత్త వివరాలు వర్తిస్తాయని రాసి పంపొచ్చు. ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీ, తయారీ నెల వేర్వేరుగా ఉంటాయి. డిసెంబరులో తయారై జనవరిలో రిజిస్టరైన బండికి ఈ రెండూ కలగాపులగమై ఏడాది తప్పు పడుతుంది. ఉత్తరంలో రాయాల్సింది తయారీ నెల, సంవత్సరమే.

ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. మెయిల్ పంపితే వచ్చిన ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. జవాబు రాకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి, అక్కడా తేలకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఎండార్స్‌మెంట్ వచ్చాక మా వాడు మళ్లీ ఆర్‌సీ తీశాడు. ఈసారి వేరియంట్, తయారీ నెల, ఐడీవీ, వర్తించే తేదీ ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుని, పాలసీతో పాటు కారు డ్యాష్‌బోర్డులో పెట్టాడు.